మూడు వేలు నాలుగు వేలైన లెక్క

రైతు కుటుంబం ఆదాయం ఆరేళ్లలో 59 శాతం పెరిగిందని ప్రభుత్వం చెప్పుకుంటోంది. ఆధారం జాతీయ నమూనా సర్వే. 2012-13లో సగటున నెలకు 6,426 రూపాయలు వచ్చిన రైతు కుటుంబానికి 2018-19లో 10,218 రూపాయలు వచ్చాయి. పార్లమెంటులో అడిగినప్పుడల్లా ఈ రెండు అంకెలే జవాబు. అంకెలు తప్పని మేం అనడం లేదు. ఆరేళ్ల తేడా ఉన్న రెండు రూపాయలను ఒకటే అనుకుని తీసివేత చేయడం తప్పంటున్నాం.

రూపాయి ఎంత చిక్కిపోయిందో తెలుసుకోవడానికి దూరం పోనక్కర్లేదు. ఆ సర్వేలోనే ఉంది. ఎవరిని రైతు కుటుంబంగా లెక్కించాలన్న దానికి మొదటి సర్వే ఒక గీత గీసింది: ఏడాదికి 3,000 రూపాయలకు మించి వ్యవసాయ ఉత్పత్తి ఉండాలి. రెండో సర్వే ఆ గీతను 4,000కు జరిపింది. వ్యవసాయ కూలీల ధరల సూచీ చూసినా ఆ ఆరేళ్లలో పెరుగుదల మూడోవంతు దరిదాపుల్లోనే ఉంది. రైతును గుర్తించేటప్పుడు మూడు వేలు నాలుగు వేలైందని ఒప్పుకున్నవారు, ఆ రైతు ఆదాయం గురించి గొప్పలు చెప్పేటప్పుడు మాత్రం ఎందుకు మరిచిపోతారు?

కాబట్టి 2018-19 అంకెలో నాలుగింట మూడు వంతులు తీసుకుంటే పాత రూపాయల్లో విలువ వస్తుంది. 10,218 కాస్తా 7,660 దగ్గర నిలుస్తుంది. 59 శాతం 19 శాతానికి దిగుతుంది, అంటే ఏడాదికి సుమారు మూడు శాతం. రైతు ఆదాయాన్ని రెట్టింపు చేసే దారి చూపమని కేంద్రమే వేసిన అశోక్ దల్వాయి కమిటీ, పెరగాల్సింది ధరల పెరుగుదల పోగా మిగిలే నిజ ఆదాయమని స్పష్టంగా రాసింది. అందుకు ఏడాదికి 10.4 శాతం వృద్ధి కావాలంది. మన రాష్ట్రంలో 5,979 నుంచి 10,480కి పెరిగింది కదా అంటారు. దాన్నీ ఇలాగే దించితే 7,860 అవుతుంది. పెరుగుదల ఉంది, కాదనం. కానీ 75 శాతం కాదు, 31.

అసలు సంగతి ఆ 19 శాతం ఎక్కడి నుంచి వచ్చిందన్నది. దేశం మొత్తం మీద పంటల నుంచి నెలకు వచ్చే ఆదాయం 3,081 నుంచి 3,798కి చేరింది. విత్తనం, ఎరువు, కూలి వంటి చేతి ఖర్చులు అప్పటికే తీసేసిన అంకె ఇది, కనుక దీన్ని ఇంటి ఖర్చుల ధరలతోనే కొలవాలి. పాత రూపాయల్లో 2,850. అంటే పంట మీద రైతుకు మిగిలేది ఆరేళ్లలో 230 రూపాయల మేర తగ్గింది! అదే కాలంలో కూలి, జీతాల ఆదాయం 2,071 నుంచి 4,063 అయింది. దీన్ని దించినా దాదాపు వెయ్యి రూపాయలు నిజంగా పెరిగింది. మొత్తం పెరుగుదలలో అయిదింట నాలుగు వంతులు ఇదే. మిగతాది చాలావరకు పాడి, పశువులది. చేను మీద బతకలేక రైతు పరాయి పనికి పోతే, ఆ కూలి డబ్బును 'రైతు ఆదాయం' అని మనకే చూపిస్తున్నారు.

డెల్టా రైతుకు తెలిసిన కొలతలో చూద్దాం. సాధారణ రకం ధాన్యం మద్దతు ధర 2012-13లో క్వింటాలు 1,250, 2018-19లో 1,750. మన 75 కిలోల బస్తాకు 937 రూపాయల 50 పైసల నుంచి 1,312 రూపాయల 50 పైసలు. చూడ్డానికి 40 శాతం. పాత రూపాయల్లో ఆ కొత్త ధర 984. బస్తాకు నిజంగా పెరిగింది 47 రూపాయలు లోపే. అదీ మద్దతు ధర చేతికి అందిన రైతుకు. ఆ 500 రూపాయల పెంపులో 200 చివరి ఏడాది ఒక్కసారే వచ్చింది, లోక్‌సభ ఎన్నికల ముందు. ఒక ఏడాది వెనక్కి ఆగి 2017-18లోని 1,550 తీసుకుంటే, ధరల కంటే మద్దతు ధరే వెనకబడింది. అందుకే ఏ నివేదికలోనైనా మొదటి ఏడాది, చివరి ఏడాది ఎవరు ఎంచారో ముందు చూడాలి.

మన ఊళ్లలో భూస్వామికి ఈ లెక్క ఎవరూ నేర్పక్కర్లేదు. కౌలు బస్తాల్లోనే మాట్లాడుకుంటాడు. ధాన్యం ధర పెరిగితే అతని కౌలూ పెరుగుతుంది. రూపాయి చిక్కిపోయిన నష్టం కౌలుదారు నెత్తినే పడుతుంది.

మా డిమాండు ఇది. రైతు ఆదాయం మీద ప్రభుత్వం ఇచ్చే ప్రతి పట్టికలో అప్పటి ధరల అంకె పక్కనే స్థిర ధరల అంకె వేయాలి. పంట మీద వచ్చిందెంత, కూలి మీద వచ్చిందెంత విడివిడిగా చూపాలి. సార్వా, దాళ్వాల ముందు జరిగే సమావేశాల్లో అధికారులు వృద్ధి శాతం చదవగానే మన సభ్యులు అడగాల్సిన మొదటి ప్రశ్న: 'ఏ ఏడాది రూపాయల్లో?'