సగటు శిస్తు – అధమ నేల రైతు

మొగలు సామ్రాజ్యంలో రైతు కష్టాలకు జాగీర్దారుల దురాశే మూలమని సాధారణంగా భావిస్తారు. శిస్తును లెక్కించిన పద్ధతిలోనే అసమానత ఇమిడి ఉన్నదని నా అభిప్రాయం.

షేర్ షా కాలపు దరులను 'ఆయినీ అక్బరీ' నమోదు చేసింది. ఏటా సాగయ్యే పోలజ్ భూమిలో బిఘాకు గోధుమ దిగుబడిని ఉత్తమ నేలలో 18 మణుగులు, మధ్యమంలో 12, అధమంలో 8 మణుగుల 35 సేర్లుగా అంచనా వేశారు. మూడింటి సగటు దాదాపు 13 మణుగులు. అందులో మూడోవంతు, అంటే సుమారు 4 మణుగుల 13 సేర్లు, సర్కారు భాగం. ఈ ఒక్క దరునే మూడు నేలలకూ వర్తింపజేస్తే ఉత్తమ నేల రైతు పంటలో నాలుగోవంతు లోపే చెల్లిస్తాడు. అధమ నేల రైతు దాదాపు సగం కోల్పోతాడు.

రైతుకు వంశపారంపర్య సాగు హక్కు ఉన్నా, అది శిస్తు చెల్లింపుతో ముడిపడినది. జాగీర్దారు కొద్ది సంవత్సరాలకే బదిలీ అయ్యేవాడు కనుక బావుల వంటి దీర్ఘకాలిక మెరుగుదలపై అతనికి ఆసక్తి తక్కువ. బీడు భూములు విస్తారంగా ఉన్నందున, భారం మించినప్పుడు రైతు ఊరు విడిచి వెళ్లేవాడు. అదే అతని ప్రధాన నిరసన. సగటు దిగుబడిపై భారం నిర్ణయించేవారు అధమ నేలను విడిగా లెక్కించడం అవసరం.