మూడక్షరాలకు పది లెక్కా?

ఆన్‌లైన్ దరఖాస్తులో ‘మీ గురించి 100 అక్షరాల్లో రాయండి’ అని ఉంటుంది. తెలుగులో రెండు ముక్కలు రాశారో లేదో, పెట్టె నిండిపోతుంది. లెక్కలోనే తేడా ఉంది. ‘విద్యార్థి’ మన కంటికి మూడక్షరాలే. కంప్యూటర్ మాత్రం వ, గుడి, ద, పొల్లు, య, దీర్ఘం, ర, పొల్లు, థ, గుడి అని పది కోడ్ యూనిట్లుగా దాచుకుంటుంది. జావాస్క్రిప్ట్‌లో పొడవు అడిగితే చెప్పేదీ అదే:

```
"విద్యార్థి".length  // 10
```

పెట్టెకు పెట్టే `maxlength` హద్దు కూడా ఇంతే. ఆ మాటే పదిసార్లు రాస్తే, 30 అక్షరాలకే వంద అయిపోయినట్టు! అక్షరాలని చెప్పి కోడ్ యూనిట్లు లెక్కపెట్టడం అన్యాయమే.

రేపు ఇలాంటి ఫారం మీరే తయారుచేయాల్సి వస్తే `Intl.Segmenter`తో లెక్కపెట్టండి. పాత బ్రౌజర్లలో అది ఒత్తుల దగ్గర విడగొట్టి 5 అనొచ్చు (పది కన్నా నయమే). ఒత్తులను కలిపి చూసే నియమం 2023లో యూనికోడ్ 15.1తో వచ్చింది. దాన్ని పాటించే బ్రౌజర్లో సరిగ్గా 3 వస్తుంది.