కోనసీమకు రైలుతో పాటు గూడ్స్ షెడ్డూ రావాలి

కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం 2000–01 రైల్వే బడ్జెట్‌లో మంజూరైంది. సుమారు 57 కిలోమీటర్ల ఈ మార్గం గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయలను దాటి అమలాపురం, రాజోలు మీదుగా సాగవలసి ఉంది. ఇది పూర్తయితే కోనసీమ బియ్యం లారీలను వదిలి రైలెక్కుతుందని, సిమెంటు రైలులోనే వస్తుందని పలువురు భావిస్తున్నారు. పట్టాలు పడినంత మాత్రాన సరుకు మారదు. దారి ఖర్చుతో పాటు రెండు చివరల జరిగే ఎగుమతి, దిగుమతి పనులు కూడా సరుకు ఏ దారిన పోవాలో నిర్ణయిస్తాయి.

అమలాపురం మిల్లు నుండి బియ్యం లారీలో బయలుదేరితే బస్తాను రెండుసార్లే ఎత్తుతారు: మిల్లు వద్ద ఒకసారి, గమ్యస్థానపు గోదాములో ఒకసారి. రైలులో పంపినప్పుడు మిల్లు వద్ద లారీకి ఎత్తాలి, స్టేషనులో లారీ నుండి వ్యాగనుకు మార్చాలి, గమ్యస్థానంలో వ్యాగను నుండి మరో లారీకి మార్చాలి, చివరకు గోదాములో దించాలి. సరుకును మధ్యలో ప్లాట్‌ఫారంపై నిలువ చేస్తే మరొక ఎత్తుడు అదనం. ప్రతి ఎత్తుడుకూ కూలి ఉంటుంది. కొక్కెం పడిన ప్రతి బస్తా నుండి కొంత గింజ కారుతుంది.

అందువల్ల దూరమే తొలి ప్రమాణం. కాకినాడ రేవుకు పోయే బియ్యానికి రైలు అవసరం లేదు. ఆ కొద్ది దూరంలో రైలు కిరాయిలో మిగిలేది అదనపు ఎత్తుళ్లకే చాలదు. కేరళ వంటి దూర రాష్ట్రాలకు పోయే బియ్యం విషయంలో లెక్క తిరగబడుతుంది. అక్కడ దారి పొడవునా మిగిలే కిరాయి చివరల ఖర్చును భరించగలదు. సిమెంటుకు మరో కారణం తోడవుతుంది. జగ్గయ్యపేట వైపు నుండి సిమెంటుతో వచ్చిన లారీ తిరుగు ప్రయాణంలో కొబ్బరినో బియ్యాన్నో ఎక్కించుకోగలదు. పైగా అది సరుకును దుకాణం గుమ్మంలోనే దించుతుంది.

రెండవ ప్రమాణం పరిమాణం. 42 కప్పు వ్యాగన్ల రేక్‌లో సుమారు 2,600 టన్నులు, అంటే 50 కిలోల బస్తాలు 52,000 పడతాయి. లారీకి 18 టన్నుల చొప్పున ఇది దాదాపు 145 లారీల సరుకు. రైల్వే ఇచ్చే ఉచిత సమయం తొమ్మిది గంటలనుకుంటే, ఆ వ్యవధిలో ప్రతి నాలుగు నిమిషాలకు ఒక లారీకి పైగా ఖాళీ కావాలి. గంటకు సుమారు 5,800 బస్తాలు వ్యాగన్లలోకి చేరాలి. గడువు దాటితే వ్యాగన్లకు డెమరేజ్, ప్లాట్‌ఫారంపై మిగిలిన సరుకుకు వార్ఫేజ్ చెల్లించాలి. వరి కోతల వేళ లారీలు, కూలీలు ఇద్దరూ కొరవడే కోనసీమలో ఇది తేలికైన పని కాదు.

సరుకు ముందుగానే పట్టాల పక్కన చేరి ఉంటే ఈ ఇబ్బంది తీరుతుంది. ఒక రేక్‌కు సరిపడే గోదాము, పైకప్పు గల ప్లాట్‌ఫారం, రేక్ మొత్తం నిలువగల పట్టా, కాటా, లారీలు ఒక వైపు వచ్చి మరో వైపు పోగల దారి ఉండాలి. పైకప్పును అదనపు సౌకర్యంగా చూడరాదు. తుపానుల కాలంలో ఆరుబయట నిలిచిన బియ్యం 14 శాతం తేమ పరిమితిని దాటితే అవతలి చివర తిరస్కరణకు గురికావచ్చు. తడి తగిలిన సిమెంటు బస్తాలో గడ్డ కడుతుంది. సిమెంటు దించిన వ్యాగనును శుభ్రంగా ఊడ్చి, నేలను, తలుపుల సందులను చూడకుండా బియ్యం ఎక్కించరాదు.

కొత్తపేట పరిస్థితి వేరు. ఈ మార్గం ఆ ఊరి మీదుగా పోదు. రావులపాలెం వద్ద జాతీయ రహదారి చేరువలోనే ఉంది. అక్కడి మిల్లులకు అమలాపురం గోదాము లాభమా, రాజమహేంద్రవరమా అన్నది లారీ ప్రయాణాన్నీ ఎత్తుళ్లనూ కలిపి లెక్కించాకే తేలుతుంది. చిన్న మిల్లులు పూర్తి రేక్‌ను నింపలేవు. వాటికి 20 వ్యాగన్ల మినీ రేక్ ఉపయోగపడవచ్చు. అయితే దానికి దూర పరిమితి ఉన్నందున పలు మిల్లులు కలిసి ఒకే గమ్యానికి సరుకును కూర్చవలసి ఉంటుంది.

విస్తరణ శాస్త్రజ్ఞులు ఇప్పటి నుండే చేయదగిన పని ఒకటుంది. ఒకే మిల్లు నుండి లారీలోనూ, సమీప స్టేషను ద్వారా రైలులోనూ వెళ్లిన సరుకును ఎంచుకుని, రెండు చివరలా తూకం, తేమ, చిరిగిన బస్తాల సంఖ్య, ఎత్తుళ్ల సంఖ్య నమోదు చేయాలి. తూకంలో తేడా కనిపించినప్పుడు తేమను కూడా చూస్తేనే అది ఆరుదల వల్లనో, కారుదల వల్లనో తెలుస్తుంది. ఈ లెక్కలు చేతిలో ఉంటే గూడ్స్ షెడ్డు ఎక్కడ, ఎంత ఉండాలో మార్గం పూర్తి కాకముందే చెప్పవచ్చు. స్టేషను ఆవరణ కట్టడాలు ముగిశాక గోదాముకు స్థలం వెతకడం ఆలస్యమే అవుతుంది.