ఐదో ప్రశ్నలోని 'మనం'

గుడివాడ నుంచి ఒక పాఠకుడు, మూడో తరగతి చదువుతున్న తన కుమార్తె తెలుగు అభ్యాస పత్రాన్ని మాకు పంపారు. పైన ఒక బొమ్మ ఉంది: ఇంటి ముందు ముగ్గు, గొబ్బెమ్మలు, గాలిపటం ఎగరవేస్తున్న బాలుడు, అరిసెల పళ్లెంతో తల్లి. దాని కింద ఐదు ప్రశ్నలు. వాటి ఆధారంగా 'పండుగ రోజు' గురించి ఐదు వాక్యాలు రాయాలి. ఆ పాప నాలుగు వాక్యాలు తప్పులేకుండా రాసింది. ఐదో గీత ఖాళీగా ఉంది. మార్కులు ఐదుకు నాలుగు.

ఐదో ప్రశ్న ఇది: 'ఈ పండుగను మనం ఇంట్లో ఎలా జరుపుకుంటాం?'

ఒక్క మార్కు కోసం సంపాదకీయం రాయాలా అని కొందరు అడగవచ్చు. మా దృష్టి మార్కు మీద లేదు. ఎనిమిదేళ్ల పిల్లలకు ఇచ్చే ప్రశ్న, వారు రాయవలసిన వాక్యంలో చాలా భాగాన్ని తానే అందిస్తుంది. 'బాలుడు ఏమి ఎగరవేస్తున్నాడు?' అని అడిగితే, 'ఏమి' ఉన్న చోట 'గాలిపటం' పెట్టగానే వాక్యం పూర్తవుతుంది. కర్త, క్రియ, కాలం ప్రశ్నలోనే ఉన్నాయి. ఆ వయసులో రాయడం నేర్చుకునే పద్ధతి ఇదే. అందులో దోషమేమీ లేదు. బొమ్మలో కనిపించేదాన్ని అడిగినంతవరకు ఏ ఇంటి బిడ్డయినా జవాబు రాయగలదు. ఈ పాప రాసింది కూడా. ప్రశ్న బొమ్మను దాటి ఇంట్లోకి వచ్చినప్పుడే చిక్కు మొదలైంది. ప్రశ్నలోని 'మనం' అనే కర్తను అలాగే దించితే, తన ఇంట్లో జరగనిది జరిగినట్టు రాయాలి. 'మేము జరుపుకోము' అని రాస్తే టీచరు తప్పు పెడతారేమోనని భయం.

తెలుగులో 'మేము' వేరు, 'మనం' వేరు. ఉర్దూలో రెండింటికీ 'హమ్' ఒక్కటే. కృష్ణా డెల్టాలో మన ఇళ్లు కొన్ని ఉర్దూ మాట్లాడతాయి. నూర్‌బాషా కుటుంబాల వంటివి అనేకం తెలుగే మాట్లాడతాయి. తేడా తెలిసిన బిడ్డ ఆ మాట దగ్గర ఆగిపోతుంది. తెలియని బిడ్డ 'మనం పొంగలి వండుకుంటాం' అని పక్క పుస్తకం చూసి రాసేస్తుంది, పూర్తి మార్కులు తెచ్చుకుంటుంది. తరగతిలో ఐదో వాక్యం అందరిదీ ఒక్కలాగే ఉందంటే, ఎవరూ తమ ఇంటి గురించి రాయలేదని ఉపాధ్యాయులు గ్రహించవచ్చు.

'రంజాన్ బొమ్మ కూడా ఇవ్వండి' అని మేమూ పలుమార్లు కోరాం. అలాంటి పత్రం ఒకటి మచిలీపట్నం నుంచి వచ్చింది. టోపీలు పెట్టుకుని ఆలింగనం చేసుకుంటున్న ఇద్దరు బాలురు, వెనుక గుమ్మటం. తెల్లవారకముందే వంటింట్లో షీర్ ఖుర్మా కలిపే తల్లి మాత్రం బొమ్మలో లేదు. ప్రశ్నలు చూడండి: 'ముస్లింలు ఎక్కడ ప్రార్థన చేస్తున్నారు?', 'వారు ఏమి వండుకుంటారు?', 'ఈ పండుగ ఏ నెలలో వస్తుంది?'. సంక్రాంతికి 'మనం', రంజాన్‌కు 'వారు'. మన బిడ్డ తన అమ్మీ అబ్బాల గురించి 'వారు' అని రాయాలి! నెల సంగతి మరీ విడ్డూరం. ఈదుల్ ఫిత్ర్ షవ్వాల్ నెల మొదటి రోజు. చాంద్రమాన సంవత్సరం దాదాపు 11 రోజులు తక్కువ కాబట్టి ఏటా ముందుకు జరుగుతుంది. మన దేశంలో 2024లో ఏప్రిల్ 11న, 2025లో మార్చి 31న జరిగింది. 'ఏప్రిల్' అన్న బిడ్డా 'మార్చి' అన్న బిడ్డా తాము చూసిందే రాశారు.

కనుక బొమ్మను మార్చినంత మాత్రాన సరిపోదు. దివిసీమలో ఒక ఉపాధ్యాయురాలు బొమ్మను అలాగే ఉంచి, చివరి రెండు ప్రశ్నలను మాత్రం మార్చారు. 'నీకు ఇష్టమైన పండుగ నాడు ఉదయం మీ ఇంట్లో ఎవరు ఏం చేస్తారు?', 'ఆ రోజు నువ్వు ఎవరి ఇంటికి వెళ్తావు?'. ఒక బాలుడు ఇలా రాశాడు: 'మా అబ్బా నమాజుకు ముందే ఫిత్రా ఇచ్చి వస్తారు. నేను పక్కింటి అత్తకు సేమ్యా గిన్నె ఇవ్వడానికి వెళ్తాను.' పక్కన కూర్చున్న పిల్ల క్రిస్మస్ నక్షత్రం గురించి రాసింది.

ఇందులో కష్టమూ ఉంది. ఇలాంటి ప్రశ్న వాక్యాన్ని సిద్ధంగా అందించదు కాబట్టి పిల్లలు ఎక్కువ తప్పులు రాస్తారు. ముప్పై మందివి ముప్పై జవాబులు దిద్దాలి. పత్రం అంచున ఇచ్చే సహాయ పదాల్లో ముగ్గు, అరిసెలతో పాటు ఈద్గా, నమాజు, సేమ్యా, కేకు కూడా ఉండాలి. లేకపోతే ఉర్దూ మాట్లాడే బిడ్డ తెలిసిన సంగతినే మాట దొరక్క వదిలేస్తుంది.

పత్రం ఇంటికి వచ్చినప్పుడు ముందు మార్కు చూడకండి. ప్రశ్నల్లో కర్త ఎవరో చూడండి. 'మనం' అనో 'వారు' అనో కనిపిస్తే, దాని పక్కన 'మీ ఇంట్లో' అని రాసి, ఒక చిన్న లేఖతో టీచరు గారికి మర్యాదగా తిరిగి పంపండి. గుడివాడ తండ్రి అలాగే చేశారు. ఆ పాప ఖాళీ గీత మీద ఇలా రాసింది: 'సంక్రాంతికి మా ఇంట్లో ఏమీ వండరు, కానీ ఎదురింటి మామ్మ అరిసెలు పంపుతుంది.'