ఐదు రూపాయల షేరులో నష్టం ఎవరిది?

అమ్రాబాద్‌లో నాకు తెలిసిన రిటైర్డ్ సారు ఒకరున్నారు. పెన్షన్‌లో మిగిలినదాంతో అప్పుడిన్ని ఇప్పుడిన్ని షేర్లు కొంటారు, కొన్నవి అమ్మరు. ఓసారి ఆయన డీమ్యాట్ ఖాతాలో ఒక కంపెనీ పేరు కింద అదే పేరుతో ఇంకో వరుస కనబడింది. చివర -RE అని ఉంది. "కంపెనోళ్లు ఊకెనే ఏదో ఇచ్చిన్రు, ఉంటే ఉండనియ్యి అనుకున్న. నెల తిరిగేసరికి మాయమైంది" అన్నారాయన. మాయమైంది ఉత్త వరుస కాదు, ఆయన సొమ్ము. కంపెనీ పేరు ఇక్కడ అనవసరం. చట్టప్రకారం అది చేయాల్సినవన్నీ చేసింది. సమస్య ఉన్నది కూడా అక్కడే.

కంపెనీకి డబ్బు కావాలి. బయటివాళ్ల దగ్గరికి వెళ్లకుండా ఉన్న వాటాదార్లనే, ఎవరికెన్ని షేర్లుంటే ఆ లెక్కన, కొత్త షేర్లు తీసుకోమని అడుగుతుంది. ఇదే రైట్స్ ఇష్యూ. మార్కెట్ ధరకే ఇస్తే ఎవరూ కదలరు కాబట్టి తగ్గించి ఇస్తారు. ఎంతవరకైనా తగ్గించొచ్చా? ముఖవిలువ దాకా తగ్గించొచ్చు. అంతకంటే తక్కువకు షేరు జారీ చేయడాన్ని కంపెనీల చట్టం 53వ సెక్షన్ ఒప్పుకోదు. అంటే ఇక్కడ డిస్కౌంటు అంటే మార్కెట్ ధర మీద తగ్గింపే, ముఖవిలువ మీద కాదు.

ఆ అట్టడుగు దాకా వెళ్లిన ఉదాహరణ మన హైదరాబాద్‌లోనే ఉంది. పాల వ్యాపారంలో ఉన్న హెరిటేజ్ ఫుడ్స్ 2023 మొదట్లో రైట్స్ ఇష్యూకి వచ్చింది. ఒక షేరుకి ఒక షేరు, ధర 5 రూపాయలు. ముఖవిలువా 5 రూపాయలే. కంపెనీకి వచ్చేది మొత్తం మీద 23 కోట్ల రూపాయల చిల్లర. షేర్ల సంఖ్య మాత్రం 4.64 కోట్ల నుంచి 9.28 కోట్లకు, సరిగ్గా రెట్టింపు. ఇష్యూకి ముందు మార్కెట్లో షేరు ధర మూడంకెల్లో ఉంది. లెక్క తేలిగ్గా ఉండాలని 300 అనుకుందాం.

ఆ ధరకు 100 షేర్లున్న మనిషి ఆస్తి 30,000 రూపాయలు. మరో 500 కట్టి 100 షేర్లు తెచ్చుకుంటే చేతిలో 200 షేర్లు, పెట్టినది మొత్తం 30,500. ఇష్యూ తర్వాత ధర లెక్క ప్రకారం 152 రూపాయల 50 పైసల దగ్గర ఆగాలి. 200 షేర్లను దాంతో గుణిస్తే మళ్లీ 30,500 వస్తుంది. లాభమూ లేదు, నష్టమూ లేదు. 300 షేరు 5కే దొరికిందని పండగ చేసుకున్నవాళ్లకు నిజానికి దొరికిందేమీ లేదు. వాళ్ల పాత షేరు విలువే సగం తరిగి కొత్త షేరులోకి చేరింది.

అదే మనిషి ఏమీ చేయకుండా కూర్చుంటే? 100 షేర్లు అలాగే ఉంటాయి, ధర 152.50. చేతిలో ఉండేది 15,250 రూపాయలు. 14,750 పోయాయి. మార్కెట్ పడలేదు, కంపెనీ దెబ్బతినలేదు. 500 రూపాయలు కట్టనందుకు ఆస్తిలో సగం దాకా పోయింది.

డిస్కౌంటు ఉన్నచోటల్లా దెబ్బ ఇంత ఉండదు. 2020లో రిలయన్స్ 53 వేల కోట్ల పైచిలుకు రైట్స్ ఇష్యూకి వచ్చినప్పుడు ధర 1,257 రూపాయలు. అప్పటి మార్కెట్ ధర కంటే 14 శాతం దాకా తక్కువ. కానీ ఇచ్చింది 15 షేర్లకు ఒక్కటి. పట్టించుకోనివాళ్లకు తగిలిన దెబ్బ లెక్క ప్రకారం ఒక శాతం లోపే. కాబట్టి చూడాల్సింది తగ్గింపు ఒక్కటే కాదు, నిష్పత్తి కూడా. రెండూ పెద్దవైతే రైట్స్ ఇష్యూ దాదాపు బోనస్ ఇష్యూ అవుతుంది. తేడా అల్లా ఒక్కటే: బోనస్ షేరు నిద్రపోతున్నవాడి ఖాతాలోకీ వస్తుంది, రైట్స్ షేరు రాదు.

సారు ఫోన్లో కనబడిన -RE ఏమిటంటే, ఆ తక్కువ ధరకు షేరు కొనుక్కునే హక్కు. పూర్తిపేరు రైట్స్ ఎంటైటిల్‌మెంట్. 2020 జనవరిలో సెబీ మార్చిన పద్ధతి ప్రకారం రికార్డు తేదీ నాడు షేర్లున్నవాళ్ల డీమ్యాట్‌లోకి ఇది విడిగా జమవుతుంది. దాన్ని ఎక్స్ఛేంజిలో అమ్ముకోవచ్చు. పై లెక్కలో ఒక్కో హక్కు విలువ 147 రూపాయల 50 పైసలు. 500 రూపాయలు కట్టడం ఇష్టం లేనివాడు 100 హక్కులూ అమ్మితే, దళారీ ఖర్చు, పన్ను పోగా, 14,750కి దగ్గరగా చేతికొస్తుంది. కానీ ఈ అమ్మకం ఇష్యూ ముగియడానికి కనీసం మూడు పనిదినాల ముందే ఆగిపోతుంది. చివరిరోజు గుర్తొస్తే అమ్మే దారి మూసుకుపోయి ఉంటుంది, దరఖాస్తు ఒక్కటే మిగులుతుంది. ఇంకో పొరపాటు దీనికి అటువైపు జరుగుతుంది. షేరే చవగ్గా దొరుకుతోందనుకుని మార్కెట్లో హక్కు కొని, ఇష్యూ ధర కట్టి దరఖాస్తు చేయరు. హక్కుకు పెట్టిన డబ్బంతా నీళ్లపాలే.

దరఖాస్తు ఆస్బా పద్ధతిలోనే చేయాలి. డబ్బు వెంటనే కంపెనీకి పోదు, మన బ్యాంకు ఖాతాలోనే కదలకుండా ఉంటుంది. ఎవరికెన్ని షేర్లో తేలాక ఆ మేరకే ఖాతాలో కోత పడుతుంది, మిగతాది విడుదలవుతుంది. అందుకే లిస్టెడ్ కంపెనీల్లో డబ్బు తీసుకుని షేర్లు ఇవ్వలేదనే గొడవ దాదాపు లేదు. ఆ గొడవ వచ్చేది కుటుంబాలు నడిపే ప్రైవేట్ లిమిటెడ్ మిల్లుల్లో. అక్కడ షేరు దరఖాస్తు సొమ్మని రాసి ఏళ్ల తరబడి పుస్తకాల్లో మోస్తుంటారు. డబ్బు అందిన 60 రోజుల్లో షేర్లు ఇవ్వాలి, లేదంటే మరో 15 రోజుల్లో తిరిగివ్వాలి. అదీ చేయకపోతే చట్టం దృష్టిలో ఆ సొమ్ము డిపాజిట్, దాని తిప్పలు వేరు.

మళ్లీ సారు దగ్గరికి వద్దాం. ఆయన వాడుకోని హక్కు గడువుతో రద్దయింది. ఆ హక్కు మీద రావాల్సిన షేరు మాత్రం రద్దు కాలేదు. తమ వాటాకు మించి అదనపు షేర్లు కావాలని అడిగినవాళ్లకు అదే తక్కువ ధరకు వెళుతుంది. ప్రమోటర్లు కూడా అడగొచ్చు. 2025లో సెబీ ఇంకో వెసులుబాటిచ్చింది. మిగిలిపోయిన షేర్లను ముందే పేరు ప్రకటించిన ఇన్వెస్టర్‌కు కంపెనీ ఇవ్వొచ్చు. అంతేకాదు, బోర్డు ఆమోదించిన 23 పనిదినాల్లో ఇష్యూ మొత్తం ముగించాలంది. కంపెనీకి ఇది మేలే. నెలకోసారి డీమ్యాట్ తెరిచే మనిషికి మాత్రం గడువు ఇంకా కుంచించుకుపోయింది.

బ్రిటన్‌లో రైట్స్ ఇష్యూలకు వేరే ఆనవాయితీ ఉంది. వాడుకోని హక్కుల మీది షేర్లను గడువు తర్వాత మార్కెట్లో అమ్మిపెడతారు. ఇష్యూ ధర, ఖర్చులు పోగా మిగిలింది హక్కు వదిలేసిన వాటాదారుకే పంపుతారు. ఇక్కడ అలా ఎందుకు చేయకూడదో నాకు అర్థం కాదు. ఎవరి ఖాతాలో ఎన్ని హక్కులు వాడకుండా మిగిలాయో డిపాజిటరీకి పైసాతో సహా తెలుసు. డివిడెండ్ పంపడానికి బ్యాంకు ఖాతా నంబరూ ఉంది. అలా అమ్మితే షేరు ధర పడిపోతుందని ఒక అభ్యంతరం వినబడుతుంది. కొంత పడొచ్చు. అయినా ఇష్యూ ధర కంటే పైన ఎంత మిగిలితే అంతే ఇమ్మంటున్నాం, ఏమీ మిగలకపోతే ఇవ్వాల్సిందీ లేదు. కనీసం 1:1 నిష్పత్తిలో ముఖవిలువకే వచ్చే ఇష్యూలకైనా ఈ నియమం పెట్టాలి. ఎందుకంటే అలాంటి ఇష్యూలో కంపెనీ తెచ్చుకునే డబ్బు కొంచెం, వాటాదార్ల మధ్య చేతులు మారే డబ్బు కొండంత.

సారు ఇప్పుడు డీమ్యాట్ యాప్‌ను వారానికోసారి తెరుస్తున్నారు. మొన్న ఇంకో కంపెనీ పేరు పక్కన -RE కనబడితే ఫోన్ చేసి అడిగిన మొదటి ప్రశ్న, "అమ్మెటందుకు ఆఖరు రోజు ఎప్పుడు?"