లేచి నిలబడినవాడిని కూర్చోబెట్టకండి

ఈ మధ్య మన ఊళ్లలో జరిగే ఆరోగ్య సభల్లో ఒక కొత్త ఆచారం స్థిరపడింది. ఉపన్యాసం ముగియగానే నిర్వాహకుడు మైకు అందుకుని, "సమయం లేదు, ప్రశ్నలున్నవారు చీటీలపై రాసి ఇవ్వండి" అంటాడు. చీటీలు వస్తాయి. వాటిలో మెత్తనివి పైకి వస్తాయి, గుచ్చుకునేవి అడుగున ఉండిపోతాయి. వక్తకు శాలువా కప్పి, జ్ఞాపిక ఇచ్చి, సభ ముగిస్తారు. ఈ పద్ధతి మర్యాదకోసం పుట్టిందని అందరూ అనుకుంటారు. నా దృష్టిలో ఇది భయంతో పుట్టింది. రోగం గురించి గంటసేపు చెప్పిన వైద్యుడు ఒక్క కోపిష్ఠి ప్రశ్నకు జవాబు చెప్పలేకపోతే, ఆ గంటసేపు చెప్పినది గాలికి పోయినట్టే.

మాటలు గాలిలో తేలిపోకుండా ఒక నిజమైన విషయం తీసుకుందాం. ఒక బాలికల పాఠశాలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ గురించీ, దాన్ని నివారించే హెచ్‌పీవీ టీకా గురించీ తల్లిదండ్రులకు ఉపన్యాసం జరిగిందనుకోండి. చివర ఒక తండ్రి లేచి గట్టిగా అడుగుతాడు: "ఖమ్మంలో ఈ టీకా వేసి ఆడపిల్లల్ని చంపారు కదా! ఇప్పుడు మా పిల్లల మీద ప్రయోగం చేస్తారా? మీకు కంపెనీవాళ్లు ఎంత ఇస్తున్నారు?" హాలు నిశ్శబ్దమవుతుంది. ఆ నిశ్శబ్దంలో వైద్యులు సాధారణంగా చెప్పే జవాబులు మూడు. మూడూ తప్పే.

మొదటిది, "ఇవన్నీ వాట్సాప్ పుకార్లు" అనడం. ఇది అమర్యాద మాత్రమే కాదు, అబద్ధం కూడా. ఖమ్మం సంగతి పుకారు కాదు. 2009లో అప్పటి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలోనూ, గుజరాత్‌లోని వడోదరలోనూ పాత్ అనే అమెరికా స్వచ్ఛంద సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి కలిసి ఈ టీకా పథకం చేపట్టాయి. ఖమ్మంలోనే సుమారు 14 వేల మంది బాలికలకు టీకా ఇచ్చారు. వారిలో చాలామంది పేద, గిరిజన కుటుంబాల పిల్లలు, హాస్టళ్లలో ఉండేవారు. రెండు రాష్ట్రాల్లో కలిపి ఏడుగురు బాలికలు మరణించారన్న వార్తలు రావడంతో 2010 ఏప్రిల్‌లో కేంద్రం ఆ పథకాన్ని ఆపివేసింది. ఎందరో పిల్లల అంగీకార పత్రాలపై తల్లిదండ్రులకు బదులు హాస్టల్ వార్డెన్లు సంతకాలు చేశారని తేలింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం ఈ వ్యవహారాన్ని తన నివేదికలో తీవ్రంగా ఖండించింది. ఇంత జరిగాక, ఆ తండ్రిని పుకార్ల మనిషి అని తోసిపుచ్చే హక్కు ఏ వైద్యుడికీ లేదు. హాలులో ఖమ్మం సంగతి తెలిసిన మరో నలుగురు ఉంటే, ఆ క్షణంలో వక్త పట్ల వారి నమ్మకం పోతుంది. తర్వాత అతడు ఎంత నిజం చెప్పినా వినరు.

రెండవది, "మీరు ఏం చదువుకున్నారు? డాక్టరా?" అని ఎదురు ప్రశ్న వేయడం. మన వృత్తిలో ఇది పాత జబ్బు. తనకు తెలియనిది అడగడానికే మనిషి లేచాడు. తెలియకపోవడాన్ని నేరంగా చూపితే సభ మొత్తం అతడి పక్షం వహిస్తుంది. ఎందుకంటే హాలులో ఉన్నవారెవరూ డాక్టర్లు కారు. అతడికి తగిలిన దెబ్బ అందరికీ తగులుతుంది.

మూడవది చూడడానికి ఉత్తమంగా కనిపించే తప్పు. పది నిమిషాలపాటు పరిశోధనలు, శాతాలు, దేశాల పేర్లు వరుసగా చదివి ప్రశ్నను ముంచివేయడం. అడిగినవాడు ఒక్క మాట అడిగాడు. జవాబు సాగుతున్నకొద్దీ వినేవారికి అది జవాబులా కాక తప్పించుకోవడంలా వినిపిస్తుంది. పైగా మిగిలినవారి ప్రశ్నల సమయమంతా ఆ ఒక్కడికే పోతుంది.

మరి ఏం చేయాలి? ముందుగా అతణ్ణి పూర్తిగా మాట్లాడనివ్వాలి. తర్వాత ప్రశ్నను అందరికీ వినబడేలా మళ్లీ చెప్పాలి. ఇది ఊరక చేసే పని కాదు. వెనక వరుసలవారికి ప్రశ్న సగమే వినిపించి ఉంటుంది. కోపపు మాటలను తీసివేసి, విషయాన్ని మాత్రం తీసివేయకుండా చెప్పాలి: "ఖమ్మంలో పిల్లలు మరణించారు, ఈ టీకా వల్లనేనా అని అడుగుతున్నారు. ఈ సభకు డబ్బు ఎవరిచ్చారనీ అడుగుతున్నారు." 'మరణించారు' అన్న మాటను మింగివేసి 'టీకా భద్రత గురించి అడుగుతున్నారు' అని మెత్తబరిస్తే, ఆ మోసాన్ని ముందు వరుసే గమనిస్తుంది.

ఇలా మళ్లీ చెప్పేటప్పుడే, ఒకే ప్రశ్నలా వచ్చిన దానిలో మూడు ప్రశ్నలున్నాయని తేలుతుంది. అక్కడ తప్పు జరిగిందా? మరణాలకు టీకా కారణమా? మీకెవరు డబ్బిస్తున్నారు? మూడింటికీ మూడు వేరు వేరు జవాబులున్నాయి. ఇవి కలిసిపోవడం వల్లనే వాదం పెరుగుతుంది. జవాబు ఇలా ఉండవచ్చు:

"అవునండీ, ఖమ్మంలో తప్పు జరిగింది. తల్లిదండ్రుల అనుమతి లేకుండా పిల్లలకు టీకా వేయడం తప్పే. పార్లమెంటు సంఘమే ఆ మాట చెప్పింది. మరణాల సంగతికి వస్తే, ప్రభుత్వం వేసిన విచారణ సంఘం ఒక్కొక్క మరణాన్నీ పరిశీలించింది. పాముకాటు, పురుగుమందు, నీట మునగడం, జ్వరం వంటి కారణాలు బయటపడ్డాయి. టీకా వల్ల మరణించారనడానికి ఆధారం దొరకలేదు. అయితే టీకా వేశాక పిల్లలను కనిపెట్టుకుని ఉండే ఏర్పాటు అక్కడ సరిగా లేదు. అందుకే మీ అనుమానం మిగిలిపోయింది, దానికి మిమ్మల్ని తప్పుపట్టను. ఈ టీకా 2006 నుంచి నూరుకు పైగా దేశాల్లో వాడుకలోకి వచ్చింది. ఇంగ్లండులో 12, 13 ఏళ్లకు టీకా పొందిన అమ్మాయిల్లో ఈ క్యాన్సర్ 87 శాతం తగ్గిందని 2021లో వెల్లడైంది. మీ అమ్మాయికి వేయించాలా వద్దా అన్నది మీ నిర్ణయం. మీ సంతకం లేకుండా ఎవరూ వేయకూడదు."

దీన్ని చెప్పడానికి నిమిషంన్నర చాలు. ఒప్పుకోవలసినది ముందు వచ్చిందని గమనించండి. అదే వెనక వచ్చి ఉంటే, బలవంతాన ఒప్పించినట్టు ఉండేది. చివరి వాక్యం చెప్పేటప్పుడు వక్త చూపు అడిగినవాడి మీద కాక సభ అంతటి మీద ఉండాలి. అతడినే చూస్తూ ముగిస్తే రెండో ప్రశ్నకు పిలిచినట్టవుతుంది. ఇక అతడు ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోనవసరం లేదు. ఈ జవాబు అతడికంటే, అదే అనుమానం మనసులో ఉండి లేవలేకపోయిన ముప్ఫైమంది తల్లులకు ఎక్కువ అవసరం.

డబ్బు ప్రశ్నకు జవాబు మరీ చిన్నది, కాని చెప్పడానికి కష్టమైనది ఇదే. వెనక కంపెనీ పేరున్న బ్యానరు కట్టుకుని, ముందు వారిచ్చిన సంచులు పంచి, "మీకెంత ఇస్తున్నారు?" అన్నప్పుడు మండిపడడం సిగ్గులేనితనం. సభ ఖర్చు ఎవరు పెట్టారో, తాను పారితోషికం తీసుకున్నాడో లేదో వక్త ఉపన్యాసానికి ముందే రెండు వాక్యాల్లో చెప్పాలి. అలా చెప్పినవాడికి ఆ ప్రశ్న తగలదు. చెప్పలేనివాడు ఆ వేదిక ఎక్కకపోవడమే మంచిది.

విషయంతో సంబంధం లేని ప్రశ్నల సంగతి వేరు. క్యాన్సర్ గురించి సభ జరుగుతుంటే, "మా అత్తగారికి మోకాళ్ల నొప్పులు, ఏ మాత్ర వాడాలి?" అంటారు. ఇక్కడ చాలామంది డాక్టర్లు మంచితనం కొద్దీ మాత్ర పేరు చెప్పేస్తారు. అది ఆ ఒక్క అత్తగారికి చెప్పినట్టు కాదు, హాలులోని వందమందికి రాసిచ్చినట్టు. వారిలో మూత్రపిండాలు దెబ్బతిన్నవారు, రక్తపోటుకు మందులు వాడేవారు ఉంటారు. నొప్పి మాత్రలు వారికి హాని చేయగలవు. "చూడకుండా చెప్పకూడదమ్మా, ఆమెను మీ ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకువెళ్లండి, వాడే మందులన్నీ వెంట పట్టుకెళ్లండి" అనడమే సరైన జవాబు.

అయితే పక్కదారి ప్రశ్నలన్నీ పక్కదారివి కావు. "మా చుట్టాలావిడకు ముట్లుడిగి ఐదేళ్లయింది, మళ్లీ కొంచెం కనిపిస్తోందట" అని ఒకామె తల వంచుకుని అడిగితే, అది ఆ సభ అంతటిలోకీ ముఖ్యమైన ప్రశ్న. ముట్లుడిగాక రక్తం కనిపించడం, భార్యాభర్తల కలయిక తర్వాత రక్తం కనిపించడం వెంటనే పరీక్ష చేయించుకోవలసిన లక్షణాలు. ఆ చుట్టాలావిడ ఎవరో వక్త ఆరా తీయకూడదు. లక్షణం పేరు సభకు చెప్పి, ఎక్కడికి వెళ్లాలో చెప్పాలి. చీటీలకు నిజమైన స్థానం ఇక్కడే ఉంది. నలుగురిలో నోరు విప్పలేని స్త్రీ కోసం చీటీ ఉండాలి, నలుగురిలో నిలదీసే మనిషిని తప్పించడం కోసం కాదు.

"ఇలాంటివారికి మైకు ఇస్తే భయం వ్యాపిస్తుంది" అని నిర్వాహకులు అంటారు. భయం మైకులోంచి పుట్టదు. అది ఇంటినుంచి వారితోపాటే వచ్చి, వరుసల మధ్య కూర్చుని ఉంటుంది. బయటికి రానివ్వకపోతే అలాగే ఇంటికి తిరిగి వెళ్తుంది, ఆ ఇంటి పిల్లకు టీకా పడదు. మైకు ఇవ్వడమంటే ఉపన్యాసం ఇవ్వనివ్వడమని అర్థం కాదు. ఎవరైనా రెండు నిమిషాలు దాటి ప్రసంగిస్తే, "మీ ప్రశ్న ఒక్క వాక్యంలో చెప్పండి" అనవచ్చు. అదే ప్రశ్న మూడోసారి వస్తే, "సభ తర్వాత పది నిమిషాలు ఇక్కడే ఉంటాను" అని ముందుకు సాగవచ్చు. ఆ మాట అన్నవాడు నిజంగా ఉండాలి. కారు ఎక్కి వెళ్లిపోతే మొత్తం జవాబు అబద్ధమైపోతుంది.

జవాబు ఫలించిందో లేదో చప్పట్లు చెప్పవు. సభ ముగిశాక వచ్చే ప్రశ్నలు చెబుతాయి. "ఒక్క డోసు చాలా, రెండు కావాలా?", "టీకా వేశాక పిల్ల కళ్లు తిరిగి పడిపోతుందా?" అని తల్లులు అడిగితే, వారు 'వద్దు' నుంచి 'ఎలా' వరకు వచ్చారన్నమాట. వారికి నిజమే చెప్పండి. ఈ వయసు పిల్లల్లో కొందరు ఏ ఇంజెక్షను తర్వాతైనా కళ్లు తిరిగి పడవచ్చు. అందుకే పదిహేను నిమిషాలు కూర్చోబెట్టి చూస్తారు. టీకా వేయించుకున్నా, ముప్ఫై దాటాక పరీక్ష మానకూడదు. ఈ మాటలు వినడానికి ఆ తల్లులు ఆగారంటే, అందుకు కారణం గంటసేపు సాగిన ఉపన్యాసం కాదు. లేచి నిలబడి నిలదీసిన ఆ తండ్రికి దొరికిన నిమిషంన్నర జవాబు.