ఎపాక్సీయే సరి, కారణాలే తప్పు

మందమర్రిలో టేకు పలకల నడుమ రెసిన్ పోయించి టీపాయి చేయించుకుందామని అడిగితే నాకు వినిపించిన మాట ఇది: “పాలిస్టర్ వద్దు సార్, ముక్కు పగిలేటట్టు వాసనొస్తది. ఎపాక్సీ పోద్దాం. దానికి వాసనుండది, పసుపెక్కది, ఎంత వేడికైనా ఆగుతది.” ఎపాక్సీ పోయాలన్న తీర్పు సరైందే. దానికి చెప్పిన మూడు కారణాలూ తప్పు. ఆ కారణాలను నమ్మినందువల్లే మంచి టేకు పాడవుతోంది, పోసేవాళ్ల చేతులు పాడవుతున్నాయి.

ఎపాక్సీని ఎంచుకోవలసిన అసలు కారణం ఎవరూ చెప్పరు. గట్టిపడేటప్పుడు పాలిస్టర్ కుదించుకుపోతుంది. నా టీపాయిలో కాలువ 120 సెంటీమీటర్ల పొడవు, 15 వెడల్పు, 4 లోతు. అంటే సుమారు 7 లీటర్ల రెసిన్. పాలిస్టర్ ఘనపరిమాణంలో దాదాపు 7 శాతం తగ్గుతుంది. 15 సెంటీమీటర్ల వెడల్పు మీద లెక్కేస్తే అది 3 మిల్లీమీటర్ల పైమాటే. ద్రవంగా ఉన్నప్పుడే అందులో సగం తగ్గిపోయిందనుకున్నా, మిగిలిన మిల్లీమీటరున్నర టేకు అంచును లాగి తీరుతుంది. టేకులో సహజంగా నూనె ఉంటుంది కాబట్టి పాలిస్టర్ పట్టు దానిమీద అసలే బలహీనం. అందుకే అంచు వెంట వెండి గీతలా ఊడిన చార కనిపిస్తుంది, లేదంటే రెసిన్ నడుమ పగులుతుంది. ఎపాక్సీ ఇంతకంటే చాలా తక్కువ కుదించుకుపోతుంది. అంచుల్ని గరుకు కాగితంతో రుద్ది, ఎసిటోన్‌తో తుడిచి పోస్తే చెక్కను గట్టిగా పట్టుకుంటుంది.

ఇక పసుపు సంగతి. రెండూ పసుపెక్కుతాయి. ఎండలోని అతినీలలోహిత కిరణాలు మామూలు ఎపాక్సీని పాలిస్టర్ కంటే త్వరగా కూడా పాడు చేయగలవు. డబ్బాలో కలిపే రక్షక రసాయనాలు దాన్ని ఆలస్యం చేస్తాయి, ఆపవు. కిటికీ పక్కన వేసే బల్లకు రంగులేని పారదర్శకపు పోత కోరితే కొన్నేళ్లకు తేనెరంగు వస్తుందని ముందే చెప్పాలి. ముదురు రంగు కలిపితే ఆ మార్పు కనపడదు.

వేడి విషయంలో జరుగుతున్న మోసం ఇంకా పెద్దది. గది వేడిమికే గట్టిపడిన ఎపాక్సీ చాలా రకాల్లో 50 డిగ్రీల దరిదాపుల్లోనే మెత్తబడటం మొదలవుతుంది. మామూలు పాలిస్టర్ ఇంకో పది డిగ్రీలు ఎక్కువే ఓర్చుకుంటుంది. పొయ్యి మీంచి దించిన అన్నం గిన్నె ఏ పోత మీద పెట్టినా మచ్చ పడుతుంది. మే నెలలో రేకుల వరండాలో ఎండ తగిలే నల్లని ఎపాక్సీ బల్లకు గిన్నె కూడా అక్కర్లేదు, గోరుతో నొక్కితే గుర్తు పడుతుంది.

పాలిస్టర్ పనికి అలవాటుపడ్డ చెయ్యి ఇంకో పొరపాటు చేస్తుంది. పాలిస్టర్‌లో గట్టిపరిచే మందు ఒకటి రెండు శాతమే. చలికాలంలో నాలుగు చుక్కలు ఎక్కువ వేస్తే త్వరగా బిగుస్తుంది, గంటల్లో బల్ల చేతికొస్తుంది. ఎపాక్సీకి ఆ లెక్క పనికిరాదు. అందులో రెసిన్, హార్డెనర్ ఒకదానితో ఒకటి జత కట్టాలి. ఏది ఎక్కువైనా జత దొరకని మిగులు మెత్తగా, జిగటగా అలాగే ఉండిపోతుంది. తూచి కలపాలి. ఒక రోజుకు ముట్టుకోవచ్చు, పూర్తి బలానికి వారం ఆగాలి.

మందమర్రి ఎండాకాలం ఈ గడియారాన్ని తలకిందులు చేస్తుంది. వేడిమి పది డిగ్రీలు పెరిగితే బకెట్‌లో రెసిన్ పనికొచ్చే సమయం సుమారు సగమవుతుంది. 25 డిగ్రీల దగ్గర 40 నిమిషాలు ఆగే కలయిక 45 దగ్గర 10 నిమిషాలే. ఏడు లీటర్లూ ఒక్కసారి కలిపితే దాని వేడి దాన్నే మరిగించి పొగలొస్తాయి. పోత పగులుతుంది, మొదటి రోజే పసుపెక్కుతుంది. లోతైన పోతకు తయారుచేసిన నెమ్మది రకం తీసుకుని, ఆ 4 సెంటీమీటర్లనూ రెండు మూడు పొరలుగా పోయాలి.

వాసన లేదన్న ధైర్యమే నన్ను ఎక్కువ భయపెడుతుంది. పాలిస్టర్‌లోని స్టైరీన్‌ను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2018లో మనుషుల్లో బహుశా క్యాన్సర్ కలిగించేదిగా వర్గీకరించింది. దాని ఆవిరి 31 డిగ్రీల దగ్గరే నిప్పు రవ్వకు అంటుకోగలదు. మూసిన షెడ్డులో, గ్రైండర్ పక్కన, మే నెలలో అది ప్రమాదమే. అయితే దాని ఘాటు మనిషిని బయటికి తరుముతుంది. ఎపాక్సీకి ఉన్న కొద్దిపాటి వాసన తరమదు. అందులోని అమైన్ హార్డెనర్ చర్మానికి తగులుతూ పోతే ఒకనాడు దద్దుర్లు మొదలవుతాయి. ఒకసారి ఒంటికి పడకుండా పోయిందంటే ఆ తర్వాత కొద్దిగా తగిలినా చాలు, వేళ్ల సందులు పగిలి నీరు కారతాయి. ఆ మనిషి ఇక ఈ పని మానుకోవలసిందే. పూర్తిగా బిగియని పోతను రుద్దినప్పుడు లేచే పొడి కూడా అంతే.

నైట్రైల్ గ్లవ్స్ తొడగమంటే చెమటకు చేతులు నానిపోతాయంటారు. మధ్యాహ్నం అది నిజమే. తెల్లవారుజామున నాలుగింటికి, షెడ్డు రేకులు చల్లబడ్డాక పోస్తే గ్లవ్స్ చేతికి నిలుస్తాయి, బకెట్‌లో రెసిన్ కూడా ఆగుతుంది.